మిగిలిన బువ్వకు గడువు ఉంది

మాఘమాసం వచ్చిందంటే మన దిక్కు ఊరూరా లగ్గాలే. ఒక్క ముహూర్తానికే చుట్టుపక్కల పది పెండ్లిళ్లు ఉంటాయి. పిలిచిన చుట్టాలు అన్ని పెండ్లిళ్లకూ పోలేరు. ఇంటికి ఒక్కరు చొప్పున పంచుకొని పోతారు. ఐదు వందల మందికి వండితే మూడు వందల మందే వస్తారు. డేగిశలో అన్నం డేగిశలోనే మిగులుతుంది.

"పారబోయొద్దు, ఎవరికన్నా పెట్టాలె" అని పెండ్లి ఇంట్లో అందరికీ ఉంటుంది. కానీ ఆ మాట ఎప్పుడు గుర్తుకొస్తుంది? పిల్లను సాగనంపి, చుట్టాలను బస్సెక్కించి, సాయంత్రం ఐదు గంటలకు కూర్చున్నప్పుడు. అప్పటికి ఆ అన్నం పెట్టదగిన అన్నం కాదు. ఎందుకు కాదు? మరి ఎప్పుడు, ఎవరికి, ఎట్లా పంపాలి? ఈ పాఠంలో చదువుదాం.

ఏది పంపవచ్చు?

పెండ్లిలో మిగిలే అన్నం మూడు రకాలు.

మొదటిది, వంట దగ్గర డేగిశలోనే ఉన్న అన్నం. దానిమీద మూత ఉంది. వంటాయన గంటె తప్ప ఎవరి చెయ్యీ పడలేదు. పంపదగింది ఇదొక్కటే.

రెండోది, వడ్డించే బకెట్లలో మిగిలిన అన్నం. ఇది బంతుల మధ్య తిరిగింది. మూత లేదు. పది మంది చేతులు తగిలాయి. చల్లారింది. దీన్ని ఇతరులకు పంపొద్దు. వడ్డించినంక ఒక గంట కూడా కాకపోతే ఇంటివాళ్లు అప్పటికప్పుడే తినవచ్చు.

మూడోది, ఇస్తారిలో మిగిలింది. అది ఎంగిలి. అది గుంతకే.

ఈ మూడింటినీ ఒక గంపలో కలిపితే మూడూ చెడినట్టే. అందుకని మిగిలిందానికి పేరు పెట్టే ముందు అది ఎక్కడ మిగిలిందో చూడాలి.

డేగిశలో ఉన్నా కొన్ని పంపొద్దు. పెరుగు చట్నీ, కోసిన పచ్చి ఉల్లిగడ్డ, కోసిన దోసకాయ ముక్కలు, పాలతో చేసిన తీపి. ఇవి తొందరగా పాడవుతాయి. వీటిని మళ్లీ మరగబెట్టే వీలు కూడా లేదు.

అన్నంలో ఏం జరుగుతుంది?

కంటికి కనపడని క్రిములు మన చేతుల మీద, గాలిలో, గిన్నెల్లో ఉంటాయి. అన్నం పొగలు కక్కుతున్నంతసేపు అవి పెరగలేవు. అన్నం గోరువెచ్చగా అయిందంటే వాటికి పండుగే.

మంచి వేడి, తడి దొరికితే ఒక క్రిమి ఇరవై నిమిషాల్లో రెండు అవుతుంది. ఆ రెండూ మళ్లీ ఇరవై నిమిషాల్లో నాలుగు అవుతాయి. గంటకు ఎనిమిది. ఈ లెక్క చదవండి.

1 గంటకు: 8
2 గంటలకు: 64
3 గంటలకు: 512
4 గంటలకు: 4,096
5 గంటలకు: 32,768
6 గంటలకు: 2,62,144

ఇది ఒక్క క్రిమితో మొదలుపెట్టిన లెక్క. మొదటి రెండు గంటల్లో పెరిగింది చాలా తక్కువ. నాలుగు దాటినంక ఎట్లా పెరిగిందో చూడండి. పొద్దున తిన్నవాళ్లకు ఏమీ కాలేదు, అదే అన్నం సాయంత్రం తిన్నవాళ్లు వాంతులు చేసుకున్నారు అంటే కారణం ఇదే.

"మళ్లీ వేడి చేస్తే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. బియ్యంలో కొన్ని క్రిములు విత్తనం లాగా గట్టి పెంకు కట్టుకొని ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం చల్లారినంక అవి మేలుకుంటాయి, పెరుగుతాయి, విషం విడుస్తాయి. మళ్లీ వేడి చేస్తే క్రిమి చస్తుంది కానీ ఆ విషం పోదు. మన చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి అన్నంలో పడే క్రిముల విషం కూడా అంతే.

ఇంకో మాట గుర్తు పెట్టుకోవాలి. పులిసిన వాసన వచ్చినా, చేతికి జిగురు తగిలినా, పప్పు మీద నురుగు కట్టినా పాడైందని తెలుస్తుంది. కానీ ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు. చూడటానికి అన్నం మల్లెపువ్వు లాగానే ఉంటుంది. అందుకని ముక్కును నమ్మొద్దు. గడియారాన్ని నమ్మండి.

లెక్క ఇది: పొయ్యి మీది నుంచి దించిన గంట నుంచి నాలుగు గంటలు. ఆ లోపల అది తినేవాళ్ల నోట్లోకి పోవాలి. బండి ఎక్కితే చాలదు, చేరితే చాలదు. తినడం అయిపోవాలి. ఎండాకాలంలో, మే నెల ఎండల్లో, మూడు గంటలే అనుకోండి.

ఎవరు తీసుకపోతారు?

హైదరాబాదులో ఈ పని చేసే సంస్థలు ఉన్నాయి. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ అనే సంస్థ వాళ్లు డబ్బులు తీసుకోరు. హోటళ్లలో, ఫంక్షన్లలో మిగిలిన భోజనం తీసుకొని పేదలకు పంచుతారు. అదే 2014లో కోయంబత్తూరులో నో ఫుడ్ వేస్ట్ అనే సంస్థ మొదలైంది. ఇటువంటి వాళ్లంతా పట్టణాల్లో పని చేస్తారు. నల్లగొండ నుంచి గానీ, మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి బండి రావడానికి రెండు గంటలకు పైనే. మళ్లీ పోవడానికి రెండు గంటలు. మన నాలుగు గంటలూ రోడ్డు మీదనే అయిపోతాయి.

"1098కి ఫోన్ చేస్తే వచ్చి అన్నం తీసుకపోతారు" అని ఫోన్లలో ఒక వార్త తిరుగుతుంటుంది. అది నిజం కాదు. 1098 ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన నంబరు. తప్పిపోయిన పిల్ల, పనిలో పెట్టిన పిల్లగాడు, దెబ్బలు తింటున్న బిడ్డ, బాల్యవివాహం జరుగుతున్న పిల్ల, వీళ్ల కోసం చేయాల్సిన ఫోను అది. అన్నం కోసం చేస్తే నిజంగా ఆపదలో ఉన్న బిడ్డకు ఆ లైను దొరకదు.

మరి ఎవరు? మనమే. ఊళ్లో నలుగురు మనుషులు చాలు. లెక్క చూసే మనిషి ఒకరు, డేగిశ దగ్గర నిలబడే మనిషి ఒకరు, బండి తోలే మనిషి ఒకరు, అక్కడ దించుకునే మనిషి ఒకరు. మహిళా సంఘంలో ఈ నలుగురినీ ముందే అనుకోవచ్చు.

ఇక ఎవరికి పంపాలి? మన జిల్లాల్లో వెతికితే దగ్గరలోనే ఉంటారు. ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. మిర్యాలగూడ దిక్కు రైసుమిల్లుల్లో దూర రాష్ట్రాల హమాలీలు ఉంటారు. పట్టణాల్లో వృద్ధాశ్రమాలు ఉంటాయి. జిల్లా ఆసుపత్రి బయట రోగులకు తోడు వచ్చినవాళ్లు ఉంటారు. రోగులకు మాత్రం బయటి అన్నం పెట్టొద్దు. వాళ్లు ఏం తినాలో డాక్టరు చెప్తారు.

హాస్టళ్లు, బడుల విషయం వేరు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆసుపత్రిలో చేరారు. అక్కడి వంట అక్కడే అయినా అట్లా జరిగింది. అందుకని బయటి అన్నం వద్దని వార్డెన్ అంటే కోపం తెచ్చుకోవద్దు. వందల మంది పిల్లల బాధ్యత ఆయన మీద ఉంటుంది.

ఒక పెండ్లి లెక్క

ఇప్పుడు ఒక పెండ్లిని ఉదాహరణగా తీసుకుందాం. మధ్యాహ్నం భోజనాలు. 480 మందికి వంట. బగార అన్నం, పప్పు, మటన్ కూర, పెరుగు చట్నీ.

కిలో బియ్యం వండితే కూరలతో ఎనిమిది మంది తింటారు. అందుకని 60 కిలోల బియ్యం. డేగిశకు 20 కిలోల చొప్పున మూడు డేగిశలు. ఒక్కో డేగిశ 160 మందికి.

పెండ్లికి ముందురోజు సంఘం పెద్దక్క రెండు ఫోన్లు చేసింది. మొదటిది ఊరికి 6 కిలోమీటర్ల దూరంలోని ఇటుక బట్టీకి. అక్కడి కూలీల సర్దారు ఫోన్ ఎత్తాడు.

"తమ్మీ, రేపు మా ఊళ్లె పెండ్లి ఉన్నది. అన్నం మిగిలితే మీకు పంపుతం. మిగులుతదో లేదో ఇప్పుడే చెప్పలేను. మీరు ఎందరున్నరు? ఎన్ని గంటలకు తింటరు?"

"పిల్లలతోటి తొంభై మంది ఉన్నం అక్కా. రెండు గంటలకు తింటం. ఒంటిగంటకు పొయ్యి ముట్టిస్తం."

"మంచిది. ఒంటిగంటకు నేనే ఫోన్ చేస్త. ఉంటే ఉన్నదంట, లేకుంటే లేదంట. ఫోన్ మాత్రం తప్పకుండ చేస్త. అప్పటిదాక ఆగుండ్రి. మటన్ తింటరా?"

"తింటం అక్కా."

రెండో ఫోను వృద్ధాశ్రమానికి. అక్కడ 40 మంది. వాళ్లు రెండున్నరకు తింటామన్నారు. మటన్ వద్దు, పప్పు చాలు అన్నారు.

ఈ రెండు ఫోన్లలో పెద్దక్క నాలుగు సంగతులు తెలుసుకున్నది. ఎందరు, ఎప్పుడు తింటారు, ఏం తింటారు, ఎవరు దించుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట "లేకున్నా ఫోన్ చేస్త" అన్నది. ఆ ఫోన్ రాకపోతే తొంభై మంది పొయ్యి ముట్టించకుండా ఎదురుచూస్తూ ఉంటారు. పని చేసి వచ్చిన మనిషిని అట్లా కూర్చోబెట్టడం దానం కాదు.

పెండ్లి రోజు మూడో డేగిశ పొయ్యి మీది నుంచి దించింది 12:00 గంటలకు. వంటాయన మూత పెట్టి, మూత మీద నిప్పులు పోశాడు. గడువు ఎప్పటిదాకా? 12కు 4 కలిపితే సాయంత్రం 4:00 గంటలు.

ఒంటిగంటకు లెక్క చూడాలి. వందల మంది తిరిగే చోట మనుషులను లెక్కపెట్టడం ఎట్లా? చిన్నక్క మనుషులను లెక్కపెట్టలేదు. ఇస్తార్ల కట్టలు లెక్కపెట్టింది. కట్టకు 50 ఇస్తార్లు. ఐదు కట్టలు అయిపోయినయి. ఆరో కట్టలో 20 తీశారు. అంటే 270 మంది తిన్నారు.

"ఇంక ఎందరు రావాలె వదినా?" అని పెండ్లిపిల్ల తల్లిని అడిగింది.

"మా మేనత్త దిక్కోళ్లు బండిల వస్తున్నరట. ఓ యాభై మంది ఉంటరు."

270కి 50 కలిపితే 320. రెండు డేగిశలు 320 మందికి వస్తాయి. మూడో డేగిశ ముట్టుకోనవసరం లేదు. అంటే 160 మంది అన్నం మిగిలింది.

"గిప్పుడే పంపుతే ఎట్ల? ఇంకెవలన్న వస్తే మాట పోతది గద!" అని తల్లి భయపడ్డది.

ఆ భయం ప్రతి పెండ్లి ఇంట్లో ఉంటుంది. దానివల్లనే అన్నం సాయంత్రం దాకా కదలదు. వంటాయన ఒక మార్గం చెప్పాడు. "ఐదు కిలోల బియ్యం పక్కకు పెట్టిన్నమ్మా. నీళ్లు మరుగుతనే ఉంటయి. ఎవలన్న వస్తే ముప్పావు గంటల వండిస్త. నలభై మందికి వస్తది." తల్లి మనసు కుదుటపడ్డది.

ఒంటిగంటకు పెద్దక్క రెండు చోట్లకూ ఫోన్ చేసింది. "ఉన్నది, వస్తున్నం."

160 మంది అన్నాన్ని ఇట్లా పంచారు. బట్టీకి 90. ఆశ్రమానికి 40. మిగిలిన 30 ఎవరికి? వంటవాళ్లు, వడ్డించినవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బ్యాండువాళ్లు, టెంటు పిల్లలు. పొద్దటి నుంచి వాళ్లు తినలేదు. వాళ్లు అందరూ తిన్నంక మిగిలిందే తింటారని మనకు అలవాటు. వాళ్లను ఒక బంతిలో కూర్చోబెట్టి వేడివేడిగా వడ్డించారు. దీనికి బండి అక్కర లేదు, డబ్బా అక్కర లేదు.

ఎట్లా నింపాలి?

చాలామంది అన్నం చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పంచుతారు. వేడి అన్నం సంచిలో కడితే ఆవిరి పట్టి చెమటోడుస్తుంది. చిన్న పొట్లం తొందరగా గోరువెచ్చగా అవుతుంది. క్రిములకు కావలసింది అదే. తీసుకున్న మనిషి కూడా "రాత్రికి తిందాం" అని దాచుకుంటాడు. న్యూస్ పేపర్‌లో కడితే సిరా అన్నానికి అంటుతుంది. అది కూడా వద్దు.

పెద్ద గిన్నెలో మొత్తం పంపి, అక్కడనే వడ్డించడం మేలు. అన్నం ఎక్కువ ఒక్క దగ్గర ఉంటే వేడి నిలుస్తుంది.

చిన్నక్క ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నది. చేతికి పుండు ఉన్న మనిషిని, జలుబు ఉన్న మనిషిని ఈ పనికి పెట్టలేదు. ఆశ్రమానికి పంపే స్టీలు డబ్బాను మరిగే నీళ్లతో కడిగింది. కిలో బియ్యం వండితే రెండున్నర కిలోల అన్నం అవుతుంది. 40 మందికి 5 కిలోల బియ్యం అన్నం, అంటే పన్నెండున్నర కిలోలు. దాన్ని డబ్బా నిండుగా పోసి మూత బిగించింది. సగం నింపిన డబ్బాలో అన్నం తొందరగా చల్లారుతుంది.

బట్టీకి పంపే అన్నం డేగిశలోనే ఉంచారు. ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలోకి మార్చిన ప్రతిసారీ వేడి పోతుంది, చెయ్యి తగులుతుంది. డేగిశ మూత తాడుతో కట్టి, చుట్టూ గోనెసంచులు, పాత బొంత చుట్టారు.

పప్పును, మటన్ కూరను పొయ్యి మీద మళ్లీ తెర్లబెట్టారు. నడుమ కూడా బుడగలు వచ్చేదాకా ఉంచారు. అంచు మరిగితే చాలదు. తెర్లుతున్నప్పుడే మూత డబ్బాల్లో పోశారు. అన్నం మీద కూర కలపలేదు. కలిపిన అన్నం తొందరగా పాడవుతుంది. మటన్ వద్దన్నవాళ్లకు ఇబ్బంది కూడా. మటన్ డబ్బా వేరే పెట్టారు, గంటె కూడా వేరే.

రంగు డబ్బాలు, మందు డబ్బాలు, యూరియా సంచులు ఎంత కడిగినా వాడొద్దు.

వేడి ఉన్నదా లేదా ఎట్లా తెలుస్తుంది? డేగిశకు బయట అరచెయ్యి పెట్టండి. చెయ్యి కాలి వెంటనే తీసుకుంటే వేడి ఉన్నట్టు. చెయ్యి హాయిగా ఆనించగలిగితే అన్నం చల్లారినట్టు. గడువు ఇంకా ఉన్నా అది ఇక దూరం పంపొద్దు. అప్పటికప్పుడు దగ్గరివాళ్లు తినాల్సిందే.

చీటీ రాయాలి

మిగిలిన ఆహారం పంచడానికి మన దేశంలో నిబంధనలు 2019లో వచ్చాయి. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్నాయి. హోటళ్లు, వంట కాంట్రాక్టర్లు, పంచే సంస్థలు వాటిని పాటించాలి. పంపే ఆహారం మీద చీటీ ఉండాలని ఆ నిబంధనల్లో ఉంది. మనం ఇంట్లో పెండ్లి చేసుకున్నా చీటీ రాయడం మంచి పని. చిన్నక్క చీటీలు రాసి, ఒక్కో డబ్బాకు ఒకటి అంటించింది. బట్టీకి పోయిన డేగిశ మీది చీటీ ఇది:

వంట: బగార అన్నం (శాకాహారం)
ఎందరికి: 90
దించిన సమయం: మధ్యాహ్నం 12:00
తినవలసిన గడువు: సాయంత్రం 4:00 లోపల
ఎక్కడి నుంచి: ఊరి పేరు, ఇంటి పేరు
ఫోన్: ........

బండి 1:30కి కదిలింది. బట్టీకి 1:50కి చేరింది. దించడానికి పది నిమిషాలు. ఆశ్రమానికి 2:25కి చేరింది. బట్టీ దగ్గర సర్దారుకు చీటీ చదివి వినిపించారు, ఎందుకంటే ఒడిశావాళ్లకు తెలుగు చదవరాదు. "నాలుగు దాటితే తినొద్దు, రాత్రికి దాచొద్దు" అని మళ్లీ చెప్పారు. గిన్నెలు తెచ్చుకోవడానికి బండాయన అక్కడనే కూర్చున్నాడు. మూడింటికి అందరూ తినడం అయిపోయింది. ఆటో కిరాయి పెండ్లి ఇంటివాళ్లది. అన్నం ఇచ్చి కిరాయి వాళ్లను అడగడం పద్ధతి కాదు.

ఒక్క ఫోటో తీయలేదు. పెండ్లికి వచ్చిన చుట్టం తింటుంటే మనం ఫోటో తీసి నలుగురికీ పంపుతామా? వీళ్లకూ అంతే.

చిన్నక్క ఇంకో పని చేసింది. పంపిన ప్రతి వంటలో నుంచి ఒక చిన్న గిన్నెడు తీసి, మూత పెట్టి, మరుసటి రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచింది. ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. కారణం ఏమిటో చూడటానికి ఆ గిన్నె డాక్టర్లకు పనికొస్తుంది.

రాత్రి దావతు అయితే?

రాత్రి లెక్క వేరు. 7:30కి దించిన అన్నానికి గడువు 11:30. భోజనాలు పది దాకా సాగుతాయి. పదిన్నరకు అన్నం పట్టుకొని పోతే బట్టీలో కూలీలు పడుకొని ఉంటారు. ఆశ్రమం తలుపులు వేసి ఉంటాయి. నిద్ర లేపి ఇస్తే పొద్దున తింటారు. పొద్దటికి ఆ అన్నం విషం.

అందుకని రాత్రి విందులో మూడో డేగిశ ముందే వండొద్దు. బియ్యం కొలిచి పక్కన పెట్టండి. తొమ్మిదింటికి ఇస్తార్లు లెక్కపెట్టి, అవసరం అయితేనే పొయ్యి మీద పెట్టండి. అవసరం పడకపోతే 20 కిలోల బియ్యం, నాలుగు కిలోల కందిపప్పు మిగిలే ఉంటాయి. వాటిని మరునాడు పొద్దున ఆశ్రమానికి ఇవ్వవచ్చు. వండిన అన్నానికి గడువు నాలుగు గంటలు. పొడిబియ్యానికి గడువు నెలలు. వాళ్లకు కావలసినప్పుడు, కావలసినంత వండుకుంటారు.

గడువు దాటింది ఏం చేయాలి?

"మనుషులకు కాకపోతే బర్రెలకు పోద్దాం" అంటారు. ఇక్కడ జాగ్రత్త. బర్రె, ఆవు గడ్డి తినే పశువులు. వాటి పొట్ట గడ్డికి అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారే గంపెడు అన్నం తింటే అది పొట్టలో పులిసి ఆమ్లం అవుతుంది. పశువు మేత మానుతుంది. నెమరు వేయదు. డొక్క ఉబ్బుతుంది. నిలబడలేక పడుకుంటుంది. చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. పెండ్లి ఇంటి పక్కన పారబోసిన అన్నం తిని పశువులు పోవడం మనకు తెలియని సంగతి కాదు. అట్లాంటి గుర్తులు కనిపిస్తే పశువుల డాక్టరును వెంటనే పిలవాలి.

పాడైన అన్నాన్ని, ఎంగిలి ఇస్తార్లను ఎరువు గుంతలో వేయండి. పొరకు పొరకు మధ్య ఎండుటాకులు, పేడ, మట్టి వేయండి. వాసన రాదు, కుక్కలు తవ్వవు. వానాకాలానికి చేనులో చల్లుకోవచ్చు. గుంత మూతి తెరిచి పెడితే మాత్రం రాత్రికి పశువులు వస్తాయి. ముండ్లకంప అడ్డం పెట్టండి.

మాట్లాడుకోండి

1. మీ ఊరికి పది కిలోమీటర్ల లోపల ఎవరెవరికి అన్నం పంపవచ్చు? వాళ్లు ఎన్ని గంటలకు తింటారు?

2. పెద్దక్క ముందురోజే ఎందుకు ఫోన్ చేసింది? పెండ్లి రోజు ఒంటిగంటకు మళ్లీ ఎందుకు చేసింది?

3. వడ్డించే బకెట్లోని అన్నం పంపొద్దని ఎందుకు చెప్పారు?

లెక్క చేయండి

1. అన్నం 11:30కి దించారు. గడువు ఎప్పటిదాకా?

2. 40 కిలోల బియ్యం వండారు. కిలోకు ఎనిమిది మంది. ఇస్తార్లు 200 అయిపోయినయి. ఇంకా 40 మంది రావాలి. ఎందరి అన్నం మిగులుతుంది?

రాయండి

మీ ఇంట్లో పప్పు మిగిలింది అనుకోండి. 50 మందికి వస్తుంది. 12:30కి దించారు. దానికి చీటీ రాయండి.

వంట: ..............
ఎందరికి: ..............
దించిన సమయం: ..............
తినవలసిన గడువు: ..............
ఎక్కడి నుంచి: ..............
ఫోన్: ..............

(లెక్కల జవాబులు: 1. మధ్యాహ్నం 3:30. 2. 80 మంది అన్నం.)